రెండు రౌండ్లు మా పాపవే, బౌట్ మాత్రం ఎదుటివాళ్లది ఎట్లా అయింది?

ప్రశ్న: మాది చిత్తూరు సార్. మా పాప జూనియర్స్‌లో బాక్సింగ్ ఆడుతుంది. మొన్న తిరుపతిలో పోటీకి తీసుకొచ్చినాం, బ్లూ కార్నర్ ఇచ్చినారు. ఫస్ట్ రౌండ్ అయిదుగురు జడ్జీలూ రెడ్‌కే ఇచ్చినారు, దానికి మేమేం అనం. సెకండ్ రౌండ్ 3-2, థర్డ్ రౌండ్ 3-2 మా పాపకే వచ్చినాయి. మూడింట్లో రెండు రౌండ్లు వస్తే గెలిచినట్టే కదా? చివర్లో 3-2తో రెడ్ గెలిచిందని చెయ్యి ఎత్తినారు. అసలు రౌండుకు మార్కులు ఎట్లా వేస్తారు? మాకేమైనా అన్యాయం జరిగిందా?

జవాబు:

అన్నా, మీరు రాసిన అంకెలనుబట్టి చూస్తే లెక్కలో తప్పు లేదు. రెడ్ 3-2తో గెలవడానికి ఈ అంకెల్లో పూర్తిగా వీలుంది. కారణం ఒక్కటే. రౌండును మెజారిటీతో ఎవరూ గెలవరు. ఒక్కో జడ్జి తన మూడు రౌండ్ల మార్కులూ తానే కూడుకుంటాడు. ఆ కూడికలో ఎవరు ముందుంటే ఆ జడ్జి ఓటు వాళ్లకి. అట్లా వచ్చిన అయిదు ఓట్లలో మూడు ఎవరికి పడితే వాళ్లదే బౌట్. రౌండు అయిపోయాక బోర్డు మీద కనబడే 3-2, 5-0 అనేవి చూసేవాళ్లకు తెలియడం కోసమే. ఫలితం లెక్కగట్టేటప్పుడు వాటిని ఎక్కడా వాడరు.

నేను తిరుపతిలో ఉంటాను. కొన్నాళ్లు ఆడి, తర్వాత చాలా ఏళ్లుగా జిల్లా, రాష్ట్ర స్థాయి పోటీల్లో జడ్జిగా కూర్చుంటున్నాను. మీరు అడిగిన ఈ ప్రశ్నే ప్రతి పోటీలోనూ ఎవరో ఒక తల్లో తండ్రో నా దగ్గరికొచ్చి అడుగుతారు. అందుకే మీ పాప బౌట్‌నే తీసుకుని మొత్తం లెక్క వేసి చూపిస్తాను.

రౌండు గెలిచినవాళ్లకు జడ్జి 10 వేసి తీరాలి. ఓడినవాళ్లకు 9, లేదా అంతకన్నా తక్కువ. మన పోటీల్లో, అంటే ఒలింపిక్ తరహా బాక్సింగ్‌లో, 10-10 అని సమానంగా వేయడానికి లేదు. ఎంత దగ్గరగా సాగిన రౌండైనా ఎవరో ఒకరి పేరు చెప్పాల్సిందే. ఇప్పుడు జడ్జీలకు ఒకటి నుంచి అయిదు దాకా నంబర్లు పెడదాం. మొదటి రౌండ్‌లో అయిదుగురూ రెడ్‌కి 10, బ్లూకి 9 వేశారు. రెండో రౌండ్‌లో 1, 2, 3 నంబర్ల జడ్జీలు బ్లూకి ఇచ్చారనుకోండి. మూడో రౌండ్‌లో 1, 2, 4 నంబర్లు బ్లూకి ఇచ్చారనుకోండి. రెండు రౌండ్లూ 3-2 మీ పాపవే. ఇప్పుడు ఒక్కొక్కరి షీటు చూద్దాం. ముందు ఉన్న అంకె మీ పాపది.

1వ జడ్జి: 9-10, 10-9, 10-9. మొత్తం 29-28, బ్లూ.
2వ జడ్జి: 9-10, 10-9, 10-9. మొత్తం 29-28, బ్లూ.
3వ జడ్జి: 9-10, 10-9, 9-10. మొత్తం 28-29, రెడ్.
4వ జడ్జి: 9-10, 9-10, 10-9. మొత్తం 28-29, రెడ్.
5వ జడ్జి: 9-10, 9-10, 9-10. మొత్తం 27-30, రెడ్.

రెడ్ 3-2. మీకు చెప్పిన ఫలితం సరిగ్గా ఇదే.

ఇప్పుడు ఒక్క చిన్న మార్పు చేసి చూడండి. మూడో రౌండ్‌లో 4వ జడ్జి బదులు 3వ జడ్జి బ్లూకి ఇచ్చి ఉంటే? బోర్డు మీద మాత్రం అదే 0-5, 3-2, 3-2 కనబడుతుంది. కానీ 1, 2, 3 జడ్జీలు ముగ్గురి దగ్గరా 29-28 వస్తుంది, మీ పాప 3-2తో గెలుస్తుంది. అదే బోర్డు, అవే అంకెలు, ఫలితం తలకిందులు. కాబట్టి రౌండులో ఎంతమంది ఇచ్చారు అన్నది కాదు, వరసగా రెండు రౌండ్లూ ఇచ్చింది అదే మనుషులా కాదా అన్నది చూడాలి.

దీన్ని వార్డు ఎన్నికల్లాగా అనుకోండి. అయిదు వార్డులున్నాయి, మూడు గెలవాలి. నాలుగో వార్డులో పడిన ఓటును తెచ్చి మూడో వార్డులో కలపడానికి లేదు. మీ పాపకు నాలుగో జడ్జి మూడో రౌండ్‌లో ఇచ్చిన పది అట్లాంటి ఓటే. ఎందుకంటే రెండు రౌండ్లు అయ్యేసరికే ఆయన షీటులో 18-20 ఉంది. మూడో రౌండ్ మీ పాపకి 10-9 వేసినా 28-29 దాటదు. 4వ, 5వ జడ్జీల షీట్లు రెండో రౌండ్ గంట కొట్టినప్పుడే దాదాపు తేలిపోయాయి. మూడో రౌండ్‌లో ఆట మిగిలింది 19-19గా ఉన్న 1, 2, 3 జడ్జీల దగ్గరే, ఆ ముగ్గురూ కావాలి. ఇద్దరే దొరికారు.

ఇది జిల్లా పోటీల్లోనే జరిగేది అనుకోవద్దు. 2021 జూలై 29న టోక్యో ఒలింపిక్స్‌లో మేరీ కోమ్ కొలంబియా బాక్సర్ ఇంగ్రిట్ వాలెన్సియాతో 51 కిలోల ప్రీక్వార్టర్స్ ఆడింది. మొదటి రౌండ్ 4-1 వాలెన్సియాకు పోయింది. రెండో రౌండ్, మూడో రౌండ్ 3-2 చొప్పున మేరీవి. బౌట్ 3-2తో వాలెన్సియాది. ఆ రోజు దేశమంతా మీ ప్రశ్నే అడిగింది. అయిదుగురు జడ్జీలు, మూడు రౌండ్లు, అంటే మొత్తం పదిహేను చిన్న తీర్పులు. మేరీకి వచ్చినవి 1, 3, 3, కలిపితే ఏడు. వాలెన్సియాకు ఎనిమిది. ఒక జడ్జి షీటు గెలవాలంటే కనీసం రెండు రౌండ్లు కావాలి. మేరీకి ఆ ఏడూ ముగ్గురి దగ్గర రెండేసి చొప్పున కుదరలేదు, ఇద్దరి దగ్గరే కుదిరాయి. మొదటి రౌండ్‌లో నలుగురి దగ్గర వెనకబడటమే ఆమెను దెబ్బతీసింది. ఆ నలుగురిలో ఒక్కొక్కరూ మిగతా రెండు రౌండ్లూ తప్పకుండా ఆమెకే ఇవ్వాల్సిన పరిస్థితి వచ్చింది.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. 2022 మే నెలలో ఇస్తాంబుల్‌లో మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ 5-0తో గెలిచింది. 5-0 అనగానే ప్రతి రౌండూ ఏకపక్షం అనుకుంటాం. షీట్లు చూస్తే 30-27 ఇద్దరివి, 29-28 ముగ్గురివి. అంటే ముగ్గురు జడ్జీలు ఒక్కో రౌండ్ థాయిలాండ్ బాక్సర్ జుటామస్‌కు ఇచ్చారు. అయినా అయిదు షీట్లలోనూ నిఖత్ పైన ఉంది కాబట్టి 5-0. బోర్డు మీది అంకె వేరు, షీటులోని కథ వేరు.

---

ఇక జడ్జి ఒక రౌండును చూసి 10 ఎవరికని ఎట్లా తేలుస్తాడు అన్నది. ఇక్కడే జనానికి అనుమానాలు ఎక్కువ, కాబట్టి కొంచెం నెమ్మదిగా చెబుతాను.

మూడు విషయాలు చూడాలని నిబంధన. ఒకటి, టార్గెట్ ఏరియా మీద పడిన నాణ్యమైన పంచ్‌లు ఎవరివి ఎక్కువ. రెండు, టెక్నిక్‌లో, ఎత్తుగడలో ఎవరిది పైచేయి. మూడు, పోటీతత్వం, అంటే గెలవడానికి ఎవరు ఎక్కువగా పోరాడారు. నా మటుకు నేను ఇవి ఇదే వరసలో చూస్తాను. మొదటిదాంట్లోనే తేడా స్పష్టంగా ఉంటే మిగతా రెండింటి దాకా పోను. పంచ్‌లు సరిసమానంగా అనిపించినప్పుడే రెండోది చూస్తాను, అప్పటికీ తేలకపోతే మూడోది.

టార్గెట్ ఏరియా అంటే తల ముందు భాగం, పక్కలు, ఇంకా బెల్టుకు పైన శరీరం ముందు భాగం, పక్కలు. చేతుల మీద పడినవి లెక్కకు రావు. గార్డ్ మీద పడినవీ రావు. పిడికిలి బిగించి, గ్లవ్ ముందు వైపు, అంటే వేళ్ల కణుపులు ఉండే చోటు, తగలాలి. వెనక భుజం బరువు ఉండాలి. తట్టినట్టు తగిలి జారిపోయింది నాణ్యమైన పంచ్ కాదు.

గ్యాలరీలో కూర్చున్నవాళ్లు ఎక్కువ మోసపోయేది శబ్దం దగ్గర. గ్లవ్ పోయి గ్లవ్ మీద పడితే 'ఠప్' అని హాలంతా వినబడుతుంది, జనం కేక వేస్తారు. అది గార్డ్ మీద పడింది, విలువ సున్నా. అదే పక్కటెముకల కింద ఎడమ హుక్ దిగితే పెద్దగా శబ్దమే రాదు. దగ్గరగా కూర్చుంటే ఒక మెత్తని చప్పుడు, తగిలినవాళ్ల ముక్కులోంచి ఒక్కసారిగా బయటికొచ్చే ఊపిరి వినిపిస్తాయి. తర్వాత క్షణం వాళ్ల మోచెయ్యి దానంతట అదే కిందికి దిగి పక్కకు అతుక్కుంటుంది. నేను ఆ మోచెయ్యిని చూస్తాను. పంచ్ నిజంగా దిగిందా లేదా అన్నది చాలాసార్లు అదే చెబుతుంది.

అయితే ఆ హుక్ అందరు జడ్జీలకూ కనబడదు. అయిదుగురూ రింగు చుట్టూ వేరువేరు చోట్ల, ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి వీల్లేకుండా కూర్చుంటారు. పంచ్ తిన్న అమ్మాయి వీపు నా వైపు ఉంటే, కొట్టిన అమ్మాయి భుజం ఒకసారి కిందికి వంగడం, గ్లవ్ మాయమవడం మాత్రమే కనబడతాయి. తగిలిందా, మోచేతికి తగిలి ఆగిందా చెప్పలేను. చూడనిది వేయకూడదు. నాకు ఎడమవైపు కూర్చున్న జడ్జికి మాత్రం గ్లవ్ లోపలికి దిగడం పూర్తిగా కనబడుతుంది. దగ్గరగా సాగిన రౌండ్‌లో ఇట్లాంటివి రెండు మూడు చాలు, ఆయన బ్లూ అంటాడు, నేను రెడ్ అంటాను. ఇద్దరం చూసింది నిజమే. అయిదుగురిని పెట్టేది కూడా అందుకే. కాబట్టి 3-2 వచ్చిందంటే ఎవరో ఒకరు అమ్ముడుపోయారని అనుకోకండి. రెండో రౌండ్, మూడో రౌండ్ రెండూ 3-2గా చీలాయంటే ఆ రౌండ్లు నిజంగానే అంచు మీద నడిచాయని ముందు అనుకోవాలి.

ఇంకొక అపోహ, ముందుకు వెళ్తూ ఉండేవాళ్లకు మార్కులు పడతాయని. పడవు. ముందుకు వెళ్లి పంచ్ తగిలిస్తే పడతాయి. ముందుకు వెళ్తూ జాబ్‌లు ముఖం మీద తింటుంటే ఎదుటి అమ్మాయే ఆటను నడిపిస్తున్నట్టు. వెనక్కి అడుగులేస్తూ, వచ్చినప్పుడల్లా కొట్టి పక్కకు తప్పుకునేదాన్నే నేను పైచేయి అంటాను. కానీ కొట్టకుండా ఊరికే తిరుగుతూ ఉంటే అది పైచేయి కాదు. ఈ తేడాను మన పిల్లలకు కార్నర్ నుంచి చెప్పేవాళ్లు తక్కువ. "ముందుకు పో, ముందుకు పో" అని అరుస్తారు, పిల్లలు గార్డ్ వదిలేసి ముందుకు పోయి తింటారు.

పంచ్‌లు లెక్కపెడతామా అని అడుగుతారు. ఒకటి, రెండు, మూడు అని పెట్టం. పెట్టడం సాధ్యమూ కాదు, ఇద్దరి చేతులూ ఒకేసారి ఆడుతుంటాయి. నా పద్ధతి ఏమిటంటే, జూనియర్స్ రెండు నిమిషాల రౌండును మనసులో నాలుగు అరనిమిషాలుగా విడగొట్టుకుంటాను. ప్రతి అరనిమిషానికీ "ఇప్పటికి ఎవరు ముందు" అని ఒక మాట అనుకుంటాను. ఇట్లా చేయకపోతే చివరి పదిహేను సెకన్ల హడావుడే కళ్లలో ఉండిపోయి, మొదటి నిమిషంలో శుభ్రంగా తగిలినవి మరుగునపడతాయి. అట్లాగని నాలుగింట్లో మూడు వచ్చినవాళ్లకు గుడ్డిగా పది వేయను. మూడు అరనిమిషాలు చిన్న జాబ్‌లతో ముందుండి, నాలుగో అరనిమిషంలో మూడు నాలుగు బలమైన క్రాస్‌లు ముఖం మీద తింటే, ఆ రౌండ్ తినిపించినవాళ్లదే కావచ్చు. గంట కొట్టగానే కొన్ని సెకన్లలో మార్కులు పెట్టేయాలి. పెద్ద పోటీల్లో చేతిలో ఉన్న యంత్రంలో నొక్కుతాం, మన దగ్గర చాలాచోట్ల ఇప్పటికీ చీటీ రాసి ఇస్తాం. ఇచ్చాక మళ్లీ మార్చడానికి లేదు. తర్వాతి రౌండ్ మొదలయ్యేసరికి ముందు రౌండును మనసులోంచి తీసేయాలి. "పోయిన రౌండ్ అటు ఇచ్చాను కదా, ఇది ఇటు ఇద్దాం" అని సర్దడం జడ్జి చేయగూడని పనుల్లో మొదటిది.

పంచ్‌లు లెక్కపెట్టే పద్ధతి ఒకప్పుడు ఉండేది. 1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్లో అమెరికా బాక్సర్ రాయ్ జోన్స్ జూనియర్ స్పష్టంగా ముందున్నా, కొరియా బాక్సర్ పార్క్ సి-హున్‌కు 3-2తో ఇచ్చారు. ప్రపంచమంతా గగ్గోలు. ఆ తర్వాత 1992 బార్సిలోనా నుంచి 2012 లండన్ దాకా జడ్జీలకు మీటలు ఇచ్చారు. పంచ్ తగిలినప్పుడల్లా నొక్కాలి, చాలాకాలం అయిదుగురిలో ముగ్గురు ఒక్క సెకను లోపల నొక్కితేనే పాయింటు. వినడానికి బాగానే ఉంది. కానీ దగ్గరగా వేసే బాడీ పంచ్‌లు ముగ్గురికి ఒకేసారి కనబడేవి కావు. మూడు పంచ్‌ల కాంబినేషన్ వేస్తే మీట ఒకసారి పడితే గొప్ప. దూరం నుంచి ఒక్క పంచ్ తట్టి వెనక్కి వచ్చేయడం నేర్చుకున్నవాళ్లే లాభపడ్డారు. అందుకే 2013లో మళ్లీ పది పాయింట్ల పద్ధతికి వచ్చారు. ఇదీ మచ్చలేనిది కాదు. 2016 రియోలో అయిదుగురు జడ్జీలను కూర్చోబెట్టి, వాళ్లలో కంప్యూటర్ ఎంచిన ముగ్గురి షీట్లే లెక్కలోకి తీసుకున్నారు. ఆ పోటీల తీర్పుల మీద పెద్ద గొడవే జరిగింది, అక్కడ పనిచేసిన 36 మంది రెఫరీలు, జడ్జీలను టోక్యోకు పిలవలేదు. టోక్యోలో అయిదు షీట్లూ లెక్కలోకి వచ్చాయి. మీ పాప బౌట్‌కు వాడింది ఆ అయిదు షీట్ల లెక్కే.

---

మార్కు 9 కన్నా తగ్గేది ఎప్పుడు అన్నది కూడా చెప్పాలి, ఎందుకంటే మీ లెక్కను అది మార్చగలదు.

పుస్తకం ప్రకారం దగ్గరగా సాగిన రౌండుకు 10-9, స్పష్టంగా గెలిచిన రౌండుకు 10-8, పూర్తిగా తొక్కేసిన రౌండుకు 10-7. ఆచరణలో మాత్రం జడ్జీలు చాలావరకు 10-9 దగ్గరే ఆగిపోతారు. ఒక రౌండులో ఎదుటి అమ్మాయి ఏమీ చేయలేక గార్డ్ మూసుకుని నిలబడిపోతే, రెఫరీ కౌంట్ కూడా ఇచ్చి ఉంటే, అప్పుడు 10-8 దాకా చెయ్యి వెళ్తుంది. దీనివల్ల ఒక ఇబ్బంది ఉంది. నేను స్వయంగా చూస్తున్నదే చెబుతున్నాను. వెంట్రుకవాసిలో వచ్చిన రౌండూ 10-9, అందరికీ కనబడేలా గెలిచిన రౌండూ 10-9. ఒక రౌండ్ గట్టిగా గెలిచి రెండు రౌండ్లు వెంట్రుకవాసిలో పోగొట్టుకున్నవాళ్లు 28-29తో ఓడిపోతారు. జడ్జీలు 10-8ను ఇంకాస్త ధైర్యంగా వాడాలని నా గట్టి అభిప్రాయం. జడ్జీల మీటింగుల్లో కూడా ఇదే చెబుతుంటాను.

మీ పాప షీట్లలో 3వ జడ్జినే తీసుకోండి. రెండో రౌండ్‌కి ఆయన 10-9 కాకుండా 10-8 వేసి ఉంటే, 9-10, 10-8, 9-10, మొత్తం 28-28. అప్పుడు బౌట్ సమానం అనరు. ఆ జడ్జి మొత్తం బౌట్ చూసి ఒకరిని విజేతగా ఎంచాలి. ఎవరు మెరుగని ఆయనకు తోస్తే వాళ్లకే ఆయన ఓటు.

కింద పడితే తనంతట తాను పాయింటు పోదు. టీవీలో ప్రొఫెషనల్ బౌట్లు చూసేవాళ్లు ఇక్కడ గట్టిగా వాదిస్తారు. ప్రొఫెషనల్‌లో ఒకసారి పడితే మామూలుగా 10-8, రెండుసార్లు పడితే 10-7. అక్కడ జడ్జీలు ముగ్గురే, రౌండ్లు పన్నెండు దాకా ఉంటాయి, అరుదుగానైనా 10-10 కూడా వేస్తారు. మన తరహాలో పడగొట్టిన పంచ్ ఒక మంచి పంచ్‌గానే లెక్క, దానికి అదనపు మార్కు లేదు. మొదటి నిమిషంలో ఒకసారి పడి, లేచి, మిగతా రౌండంతా శుభ్రంగా కొట్టినవాళ్లకు నేను 10 వేసిన సందర్భాలున్నాయి.

పాయింటు తీసేసేది వార్నింగ్. అది రెఫరీ చేతిలో ఉంటుంది, జడ్జి చేతిలో కాదు. తల కిందికి పెట్టి దూరడం, పట్టుకుని వదలకపోవడం, గ్లవ్ తెరిచి చెంపదెబ్బలా కొట్టడం, "స్టాప్" అన్నాక కొట్టడం, ఇట్లాంటివాటికి ముందు కాషన్ ఇస్తాడు. మళ్లీ చేస్తే ఆట ఆపి, జడ్జీలందరికీ కనబడేలా చూపించి వార్నింగ్ ఇస్తాడు. అప్పుడు అయిదు షీట్లలోనూ ఒక్కో పాయింటు పోతుంది. దగ్గరి బౌట్‌లో ఇది ఎంత పని చేస్తుందో చూడండి. మీ పాప 1, 2 జడ్జీల దగ్గర 29-28తో ముందుంది. ఒక్క వార్నింగ్ పడి ఉంటే అవి 28-28 అయిపోతాయి, ఆ రెండు ఓట్లు కూడా గాల్లోకి పోయినట్టే. అదే రెడ్‌కు ఒక వార్నింగ్ పడి ఉంటే, 3, 4 జడ్జీల దగ్గర 28-29గా ఉన్నవి 28-28కి వచ్చి ఉండేవి. జూనియర్స్‌లో ఇట్లాంటి బౌట్లు చాలా చేతులు మారడం చూశాను. ఎక్కువసార్లు కారణం అలసిపోయి మెడ పట్టుకుని వేలాడటమే.

---

ఇక అన్యాయం జరిగిందా అన్న మాట. దాన్ని తేల్చే దారి ఉంది. మీ కోచ్ ద్వారా నిర్వాహకులను అడిగి ఆ బౌట్ స్కోర్ షీట్ చూడండి. అంకెలు ఉన్నవి ఉన్నట్టు చూపించడానికి మాలో ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు. చేతికొచ్చాక ముందు ప్రతి జడ్జి వరసలో ఇద్దరి మొత్తాలనూ కలపండి. 10-8 లేకుండా, వార్నింగ్ లేకుండా జరిగిన మూడు రౌండ్ల బౌట్‌లో ఆ కలిపిన మొత్తం 57 రావాలి. రౌండుకు పంతొమ్మిది, మూడు రౌండ్లకు యాభై ఏడు. 29-28 కలిపినా, 30-27 కలిపినా అంతే. 56 వస్తే ఎక్కడో ఒక 10-8 గానీ, ఒక వార్నింగ్ గానీ ఉండాలి, ఏ రౌండ్‌లో అని అడగండి. వార్నింగ్ అయితే అయిదు షీట్లలోనూ అదే తగ్గుదల కనబడాలి. ఒక్కరి దగ్గరే కనబడితే రాసుకోవడంలో పొరపాటు జరిగినట్టే.

58 వస్తే అది కచ్చితంగా తప్పు. ఒక ఇంటర్ కాలేజీ పోటీలో ఒక చీటీ 29-29 అని టేబుల్ మీదికి వచ్చింది. 10-10 లేని ఆటలో 29-29 ఎట్లా వస్తుంది? తీసి చూస్తే ఒక రౌండ్‌లో ఓడిన కుర్రాడికి 9 వేయాల్సిన చోట కూడా 10 రాసి ఉంది. ఫలితం చెప్పకముందే పట్టుకున్నాం కాబట్టి, ఆ జడ్జిని పిలిచి ఆ రౌండ్ ఎవరిదో అడిగి సరిచేశారు. చేత్తో రాసే చోట్ల ఇంకో పొరపాటు కూడా జరుగుతుంది. రెడ్ మార్కులు బ్లూ గడిలో, బ్లూవి రెడ్ గడిలో పడతాయి. ఇది కూడికలో దొరకదు, మొత్తం 57 చక్కగానే వస్తుంది. నలుగురు జడ్జీలు ఒక రౌండును ఒకవైపు చూసి, ఒక్కరు మాత్రం విరుద్ధంగా వేసి ఉంటే, ఆ ఒక్క గడిని మాత్రం మర్యాదగా అడిగి చూడండి. మీ పాప మొదటి రౌండ్ 5-0, కాబట్టి అక్కడ ఆ అనుమానం లేదు. మిగతా రెండు రౌండ్లూ 3-2 చీలికలు, అక్కడ ఒక్కరే విడిగా ఉన్న గడి లేదు.

కూడిక సరిగ్గా ఉండి, గడులు సరిగ్గా ఉంటే, "ఈ జడ్జి ఈ రౌండ్ రెడ్‌కి ఎందుకిచ్చాడు" అన్నది మన జిల్లా పోటీల్లో ఎదురు ప్రశ్నగా నిలబడదు. అది ఆయన కూర్చున్న చోటు నుంచి చూసిన చూపు. దాని మీద గొడవపడి పిల్ల ముందు అరవకండి, తర్వాతి పోటీలో రింగెక్కినప్పుడు ఆమె కళ్లు రెఫరీ మీద కాకుండా జడ్జీల మీద ఉంటాయి.

కోచ్‌కు ఒక మాట చెప్పండి. రౌండ్‌కీ రౌండ్‌కీ మధ్య ఉన్న ఒక్క నిమిషంలో బోర్డు మీద 3-2 చూసి "మనం లెవెల్‌కి వచ్చేశాం" అనొద్దు. జడ్జీలవారీగా అంకెలు చూపించే చోటైతే నిలువు వరసలు చూడాలి. ఎంతమంది దగ్గర 19-19 ఉంది, ఎంతమంది దగ్గర 18-20 ఉంది. మీ పాపకు రెండో రౌండ్ అయ్యాక ముగ్గురి దగ్గర 19-19, ఇద్దరి దగ్గర 18-20. అంటే వెంట్రుకవాసిలో గెలిచే మూడో రౌండ్ ఆమెకు చాలదు. ఏ వైపు కూర్చున్నవాళ్లకైనా కనబడేంత స్పష్టంగా గెలవాలి, దగ్గర దగ్గరగా ఉంటే ఎవరో ఒకరి కోణం దెబ్బకొడుతుంది. అప్పుడు కార్నర్‌లో చెప్పాల్సింది, కదలకుండా దగ్గరగా నిలబడి పక్కటెముకల మీద వేసే పంచ్‌ల కంటే మధ్య దూరంలో నిలబడి ముఖం మీదికి సూటిగా వేసే జాబ్, క్రాస్ ఎక్కువ వేయమని. తల వెనక్కి వెళ్లడం ఎదురుగా కూర్చున్నా, వెనక కూర్చున్నా కనబడుతుంది. వేసినవెంటనే పక్కకు తిరగమనండి. తిరిగితే ఇందాక వీపు చూసిన జడ్జికి ఇప్పుడు ముఖం కనబడుతుంది, తర్వాతి పంచ్ ఆయన షీటులోకి వెళ్తుంది.

మొదటి రౌండ్ గురించి కూడా అడగండి. అయిదుగురూ ఒకే మాట అన్నారంటే అక్కడ కోణాల గొడవ లేదు, పాప నిజంగానే ఆలస్యంగా మొదలుపెట్టింది. చిత్తూరు నుంచి పొద్దున్నే బస్సులో వచ్చి, తూకానికి నిలబడి, వార్మప్ సరిగ్గా చేయకుండా రింగెక్కే పిల్లలు మొదటి నిమిషం ఎదుటివాళ్లను చూస్తూ గడిపేస్తారు. రెండు నిమిషాల రౌండ్‌లో మొదటి నిమిషం పోతే రౌండ్ పోయినట్టే. రౌండ్ 5-0 పోతే మిగతా రెండూ అదే ముగ్గురి దగ్గర గెలవాలి. షీట్ దొరికితే అందులోని అంకెలు మాత్రం ఇక్కడ రాయండి, పాప పేరు వద్దు. వరసవారీగా చూసి చెబుతాను.